హంపు మీద ‘డబ్’మన్న ఫోర్క్: చిక్కటి ఆయిల్ చేసిన పని, ఎక్కువైన ఆయిల్ చేసిన పని

బండి 150 సీసీ కమ్యూటర్. ముందు చక్రాన్ని పట్టుకునేది 31 మి.మీ. పైపులున్న మామూలు టెలిస్కోపిక్ ఫోర్క్, కదలిక 130 మి.మీ. నలభై వేల కిలోమీటర్లు దాటింది. నడిపేవాడు కర్నూలు వైపు కుర్రాడు, బరువు 88 కిలోలు. రోజూ మారతహళ్లి నుంచి హెబ్బాళ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్తాడు. రెండు మూడు నెలలకోసారి హైవే పట్టుకుని ఊరికి పోతాడు. బెంగళూరులో మా దగ్గరికి వచ్చే ముందు ఇంకో చోట ఫోర్క్ ఆయిల్ మార్పించుకున్నాడు. బ్రేక్ కొడితే ముందుభాగం బాగా కిందికి దిగిపోతోందని చెబితే, వాళ్లు చిక్కటి ఆయిల్ పోసి, “బరువున్న మనిషివి కదా” అని కాస్త ఎక్కువే పోశారట. ఇప్పుడు అతని ఫిర్యాదు వేరు.

“అన్నా, ముందర షాకప్ రాయి మాదిరి అయిపోయింది. హంపు మీద డబ్‌మని కింద తగుల్తాంది. పొద్దున్నే అయితే ఇంకా ఘోరం, అరచేతులు మొద్దుబారతాయి.”

ఈ మాటల్లో మూడు ఆనవాళ్లున్నాయి: రాయిలా ఉండటం, కింద తగలడం, పొద్దున పూట ఎక్కువ కావడం. అయితే మొదటి రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. ఫోర్క్ అంత గట్టిగా ఉంటే చివరిదాకా వెళ్లి ఎలా తగులుతుంది? తగులుతోందంటే మెత్తగానే ఉండాలి కదా. కేసు మొత్తం ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఫోర్క్ విప్పే ముందు నేను చూసేది కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. అది వదులైతే హంపు మీద ‘టక్’మంటుంది, చాలామంది దాన్ని ఫోర్క్ మీదికి తోస్తారు. ముందు బ్రేక్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కీ ఊపుతూ హెడ్ దగ్గర వేలు పెట్టి చూశాం, ఆట లేదు. చక్రం బేరింగులు, ఇరుసు బాగానే ఉన్నాయి. టైరులో గాలి కొంచెం ఎక్కువుంటే సరిచేశాం, కానీ ఆ కాస్త తేడాకు అరచేతులు మొద్దుబారవు. ఫోర్క్ ఎడమ కాలు ఆయిల్ సీల్ దగ్గర తడి, దాని మీద దుమ్ము పట్టిన నల్లటి వలయం కనిపించాయి. అంటే సీల్ కారుతోంది. కుడి కాలు పొడిగా ఉంది.

తర్వాత కుడి పైపు చుట్టూ ఒక సన్నని ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి, డస్ట్ సీల్‌కు ఆనుకునేలా కిందికి తోశాం. ఫోర్క్ ఎంత లోపలికి వెళ్తే అది అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. సస్పెన్షన్ పనిలో ఇంత చవకైన, ఇంత నిజం చెప్పే పనిముట్టు ఇంకోటి నేను చూడలేదు. కుర్రాణ్ని తన రోజువారీ దారిలోనే, తనకు ‘డబ్’మని తగిలే హంపుల మీదుగానే తిప్పుకుని రమ్మన్నాను. తిరిగి వచ్చాక కొలిస్తే టై 104 మి.మీ. దగ్గర ఉంది. ఉన్న కదలిక 130. ఇంకా 26 మి.మీ. మిగిలుండగానే ఫోర్క్ ఆగిపోయిందన్నమాట. కాబట్టి అది అడుగు తగలడం కాదు. కింద ఇనుముకు ఇనుము తగిలితే శబ్దం కూడా ‘ఠంగ్’మని వేరేగా ఉంటుంది. ఇక్కడ మధ్యలోనే ఏదో అడ్డుపడుతోంది.

ఆ అడ్డు ఏమిటో తెలియాలంటే ఈ రకం ఫోర్క్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి. ఇది డాంపింగ్ రాడ్ ఫోర్క్, డాంపింగ్ అంటే స్ప్రింగు ఊపును ఆయిల్ అడ్డుతో అణచడం. మన దేశంలో తిరిగే చిన్న బళ్లలో చాలావాటికి ఉండేది ఇదే. కింద పైపు జారే బాటమ్ కేస్ లోపల నిలువుగా ఒక రాడ్ బిగించి ఉంటుంది, దానికి చిల్లులుంటాయి. పైపు కిందికి దిగేటప్పుడు ఆయిల్ అడుగునున్న పెద్ద చిల్లుల గుండా పోతుంది. పైకి లేచేటప్పుడు పైభాగంలో ఉన్న చిన్న చిల్లుల గుండా పోవాలి. అందుకే దిగడం కొంచెం త్వరగా, లేవడం కొంచెం నిదానంగా జరుగుతుంది. వేగాన్ని బట్టి తెరుచుకునే కవాటాల అమరిక లేదు, తిప్పి సరిచేసే స్క్రూ లేదు. తయారైపోయిన చిల్లు సైజు అలాగే ఉంటుంది. అది కుదరకపోతే మన చేతిలో మిగిలేది ఆయిల్ చిక్కదనం ఒక్కటే.

చిల్లు గుండా ఆయిల్ తోసే పనిలో ఒక చిక్కుంది. ఫోర్క్ ఎంత వేగంగా కదిలితే అడ్డు అంతకు మించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. బ్రేక్ కొట్టినప్పుడు ముందుభాగం దిగడం ఫోర్క్ లెక్కలో నిదానమైన కదలిక. పదునైన అంచున్న గుంత, ఫ్లైఓవర్ జాయింట్, నిటారుగా పోసిన హంపు మాత్రం ఫోర్క్‌ను చాలా వేగంగా కదిలిస్తాయి. బ్రేక్ మీద దిగడం ఆపాలని ఆయిల్ చిక్కగా పోస్తే ఆ నిదానమైన కదలికలో దొరికేది కొంచెం. అదే ఆయిల్ జాయింట్ దగ్గర మాత్రం ఫోర్క్‌ను బిగదీసేస్తుంది. పైగా బ్రేక్ పట్టుకునే ఉంటే ఫోర్క్ చివరికి ఎంత దిగాలో అంతా దిగుతుంది, ఎందుకంటే బరువు మోసేది స్ప్రింగు. ఆయిల్ ఆ దిగే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది.

ఇక పరిమాణం సంగతి. చాలామంది ఆయిల్ ఎక్కువ పోస్తే ఫోర్క్ మొత్తం గట్టిపడుతుందనుకుంటారు. ఆయిల్ పైన పైపులో మిగిలిన ఖాళీలో గాలి ఉంటుంది. పైన మూత బిగించాక ఆ గాలి ఎక్కడికీ పోలేదు. ఫోర్క్ దిగేకొద్దీ అది నొక్కుకుపోయి రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. ఆయిల్ ఎక్కువైతే గాలికి చోటు తగ్గుతుంది. అప్పుడు ఏం జరుగుతుందో ఈ బండి లెక్కతోనే చూద్దాం. 31 మి.మీ. పైపు ఒక మి.మీ. దిగితే సుమారు 0.75 మి.లీ. గాలి చోటు పోతుంది. పూర్తిగా 130 మి.మీ. దిగితే 98 మి.లీ. పోతుంది. ఈ ఫోర్క్‌కు చెప్పిన మట్టంలో ఆయిల్ ఉంటే, స్ప్రింగు ఆక్రమించే చోటు తీసేశాక, పూర్తిగా దిగినప్పుడు ఒక్కో కాలిలో 35 మి.లీ. దాకా గాలి మిగులుతుందని నా అంచనా. అంటే పూర్తిగా లేచి ఉన్నప్పుడు 133, దిగినప్పుడు 35. గాలి నాలుగో వంతు చోటుకు కుదించుకుపోతుంది.

ఇప్పుడు ఒక్కో కాలిలో 24 మి.లీ. ఎక్కువ పోశామనుకోండి. లేచి ఉన్నప్పుడు 109, దిగినప్పుడు 11 మి.లీ. గాలే మిగులుతుంది. సగం కదలిక దగ్గర, అంటే 65 మి.మీ. వద్ద, గాలి తోసే బలం ఒక్కో కాలికి నాలుగున్నర కిలోల నుంచి ఆరు కిలోల పైచిలుకుకు పెరుగుతుంది. చేతికి తెలిసేంత తేడా కాదు. చివరి మి.మీ. దగ్గర మాత్రం 21 కిలోలు ఉండాల్సింది 68 కిలోలకు చేరుతుంది. మొదటి సగంలో ఏమీ మారదు, చివరి పావులో గోడ లేస్తుంది. కుర్రాడికి ‘డబ్’మని తగిలింది ఆ గోడే. దానికి తోడు చిక్కటి ఆయిల్ అడ్డు. రెండూ కలిసి ఫోర్క్‌ను 104 దగ్గరే ఆపేశాయి.

ఇదంతా ఇప్పటికి అనుమానమే. విప్పి చూడాలి.

బండిని ఇంజన్ కింద జాకీతో లేపి ముందు చక్రం గాల్లో ఉంచాం. పై క్లాంప్ బోల్టు వదులు చేశాకే పైపు మూత వదులు చెయ్యాలి. క్లాంప్ బిగుతుగా ఉండగా మూత తిప్పితే మర పాడవుతుంది. మూత కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి చివరి చుట్ల దగ్గర అరచేత్తో అదిమిపట్టి తియ్యాలి, ముఖం దాని పైన పెట్టకూడదు. రెండు కాళ్లూ బండి నుంచి దించి, స్ప్రింగులు నిదానంగా పైకి లాగి, వాటికి అంటిన ఆయిల్ పైపులోకే కారనిచ్చాం. పైపును పూర్తిగా బాటమ్ లోపలికి దించి, నిటారుగా నిలబెట్టి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం దాకా స్టీలు స్కేలుతో కొలిచాం. ఆయిల్ ఒలకబొయ్యక ముందే ఈ కొలత తీసుకోవాలి. ఒలికాక ఇక సాక్ష్యం ఉండదు.

ఈ బండికి మాన్యువల్ చెప్పే మట్టం, స్ప్రింగు లేకుండా, ఫోర్క్ పూర్తిగా దిగి ఉండగా, పై అంచు నుంచి 150 మి.మీ. కుడి కాలిలో 105 వచ్చింది. 45 మి.మీ. ఎక్కువ. ఈ పైపు లోపలి వ్యాసం 26 మి.మీ. కాబట్టి 10 మి.లీ. ఆయిల్ సుమారు 19 మి.మీ. మట్టంగా లేస్తుంది. ఆ లెక్కన 24 మి.లీ. అదనం. ఎడమ కాలిలో 128 ఉంది. సీల్ గుండా కారిపోయింది పోగా అది. ఆ సీల్ పోవడంలో లోపలి గాలి ఒత్తిడికి కూడా వాటా ఉందని నా అభిప్రాయం. పైపు మీద గీత, తుప్పు చుక్క ఏదీ లేదు కదా, మరి ఇంకేం కారణం చెప్పాలి?

24 మి.లీ. ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఊహించడం కష్టం కాదు. చాలా చోట్ల ఫోర్క్ విప్పరు. అడుగునున్న డ్రెయిన్ స్క్రూ తీసి, హ్యాండిల్ నొక్కి నొక్కి ఆయిల్ వంపేసి, పై నుంచి పోస్తారు. ఆ పద్ధతిలో పాత ఆయిల్ మొత్తం రాదు. రాడ్ చుట్టూ, అడుగునా కొంత నిలిచిపోతుంది. అందుకే కొన్ని మాన్యువళ్లలో రెండు అంకెలుంటాయి. ఒకటి వంపి పోసినప్పుడు, రెండోది పూర్తిగా విప్పి కడిగి ఆరబెట్టాక పొయ్యాల్సింది. రెండోదే ఎక్కువ. వంపి, రెండో అంకె పోస్తే అడుగున నిలిచింది కూడా దాంతో కలుస్తుంది. దాని మీద “బరువున్న మనిషి” కోసం ఇంకొంచెం. అందుకే నేను పరిమాణాన్ని కొలిచి పొయ్యడం దగ్గర ఆగను, మట్టం చూశాకే మూత పెడతాను. మట్టం చూస్తే లోపల మిగిలిన పాతది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

తర్వాత చిక్కదనం. కుర్రాడి దగ్గరున్న బిల్లులో కంపెనీ పేరు లేకుండా “20 డబ్ల్యూ ఆయిల్” అని మాత్రమే రాసుంది. ఇక్కడ పెద్ద తికమక ఉంది. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద కనిపించే 20 డబ్ల్యూ-50, ఫోర్క్ ఆయిల్ డబ్బా మీది 20 డబ్ల్యూ ఒకటి కావు. ఫోర్క్ ఆయిల్ నిజమైన చిక్కదనాన్ని 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోకులనే కొలమానంలో చెబుతారు. ఈ బండికి చెప్పిన 10 డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ మేం వాడేదైతే 36 చుట్టుపక్కల ఉంటుంది. ఫోర్క్‌ల కోసమే చేసిన 20 డబ్ల్యూ 80కి దగ్గర్లో ఉంటుంది. 20 డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ మాత్రం 160 దాటుతుంది.

షాపులో చిక్కదనం కొలిచే యంత్రం ఉండదు. ఉజ్జాయింపుకు నేను చేసేది ఇది: పిస్టన్ తీసేసిన 20 మి.లీ. సిరంజీని నిలువుగా పట్టుకుని, సన్నమూతి గుండా ఆయిల్ కారడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడటం. అన్ని ఆయిళ్లనూ ఒక పూటంతా ఒకే చోట ఉంచాలి, వేడి ఒకేలా ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు. కొత్త 10 డబ్ల్యూ 12 సెకన్లలో దిగింది. ఫోర్క్ నుంచి తీసింది 50 సెకన్ల దాకా పట్టింది. పక్కన 20 డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పెట్టి చూస్తే దాదాపు అంతే పట్టింది. పోసినవాళ్లను నేను అడగలేదు, కాబట్టి ఏ డబ్బాలోదో తేల్చి చెప్పలేను. ఉండాల్సిన దానికి నాలుగింతలకు పైగా చిక్కగా ఉందని మాత్రం చెప్పగలను.

పొద్దున పూట ఎక్కువ కావడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఆయిల్ చల్లబడితే చిక్కబడుతుంది. 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 20 డిగ్రీలకు దిగితే రెట్టింపు దాటుతుంది. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు పొద్దుటి చలిలో 160 ఆయిల్ ఎలా ఉంటుందో ఆలోచించండి, ఆముదమే. ఇదే బండి చెన్నై మే నెల ఎండలో తిరిగి ఉంటే, కుర్రాడు ఇంత త్వరగా షాపుకు వచ్చేవాడు కాదేమో.

చిక్కటి ఆయిల్ చేసే ఇంకో పని ఉంది, దాన్ని నడిపేవాళ్లు ఎప్పుడూ తప్పుగానే చెబుతారు. టోల్ గేటు ముందు వరసగా వేసే అడ్డచారల మీద వెళ్తే మొదటి రెండు చారలు పర్వాలేదట, తర్వాతవి ఒక్కోటీ గట్టిగా తగులుతాయట. ఇది లేవడంలో జాప్యం. మొదటి చారకు దిగిన ఫోర్క్ చిన్న చిల్లుల గుండా ఆ చిక్కటి ఆయిల్‌ను తోసుకుంటూ పూర్తిగా లేచేలోపే రెండో చార వస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం దిగుతుంది. నాలుగైదు చారలయ్యేసరికి ఫోర్క్ సగానికి దిగి కూర్చుని ఉంటుంది. ఆ చోట స్ప్రింగూ గాలీ రెండూ ముందే నొక్కుకుని ఉంటాయి కాబట్టి ప్రతి చారా చేతికి తెలుస్తుంది. నిలబెట్టిన బండి మీద కూడా దీన్ని చూడొచ్చు. ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ను బలంగా నొక్కి వదిలితే, బాగున్న ఫోర్క్ వెంటనే లేచి ఒక్కసారి ఆగుతుంది. ఈ బండి ఫోర్క్ చివరి మూడు వేళ్ల ఎత్తు బద్ధకంగా, కళ్లకు కనిపిస్తూ లేచింది.

పూర్తిగా విప్పాం. అడుగునున్న అలెన్ బోల్టు తిప్పేటప్పుడు లోపలి రాడ్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. స్ప్రింగును మళ్లీ లోపల పెట్టి పైపును నొక్కి పట్టుకుంటే చాలాసార్లు రాడ్ కదలకుండా ఆగుతుంది, ఇక్కడా ఆగింది. ఆ బోల్టు కింది రాగి వాషర్ కొత్తది వేశాం. పాతదే వేస్తే అక్కడి నుంచి కారి, అందరూ సీల్ అనుకుంటారు. స్ప్రింగు పొడవు మాన్యువల్ హద్దులోనే ఉంది. పైపుకూ బాటమ్‌కూ మధ్య ఆట ఎక్కువ లేదు. అన్నీ కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త ఫోర్క్ ఆయిల్ కొంచెం పోసి కదిపి అదీ పారబోశాం. కిరోసిన్ అడుగున మిగిలితే కొత్త ఆయిల్ పలచబడుతుంది. సీళ్లు రెండు వైపులా మార్చాం.

చిక్కదనం విషయంలో మాన్యువల్ చెప్పిన 10 డబ్ల్యూకే వెళ్లాం. ఈ అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఫోర్క్ ఆయిల్ డబ్బా మీది డబ్ల్యూ అంకెకు కంపెనీల మధ్య ఒప్పందమేదీ లేదు. ఒకరి 10 డబ్ల్యూ 33 ఉంటే ఇంకొకరిది 45 దాటుతుంది. అందుకే డబ్బా మార్చేటప్పుడు దాని మీది డబ్ల్యూ అంకె చూడకుండా, కంపెనీ ఇచ్చే సాంకేతిక పట్టీలో 40 డిగ్రీల దగ్గర విలువ చూస్తాను.

పోశాక పైపును పైకీ కిందికీ నిదానంగా పదిహేను ఇరవై సార్లు ఆడించాం. మొదట్లో చేతికి ఖాళీ తగులుతుంది, చిల్లుల్లోని గాలి పోయాక సమంగా బరువు వస్తుంది. తర్వాత పది నిమిషాలు నిలబెట్టాలి. నురుగు మీద కొలిస్తే మట్టం తప్పు వస్తుంది. కొలతకు సిరంజీకి సన్నని గొట్టం తగిలించి, దాని మీద 150 దగ్గర టేపు చుట్టాం. కొంచెం ఎక్కువ పోసి, గొట్టాన్ని టేపు దాకా దించి లాగితే అదనపు ఆయిల్ సిరంజీలోకి వచ్చేస్తుంది. గాలి లాగడం మొదలైతే మట్టం కుదిరినట్టే. రెండు కాళ్లలోనూ మి.మీ. తేడా రాలేదు.

ఈసారి కుర్రాడు తిరిగి వచ్చి, “చేతులకు ప్రాణమొచ్చింది అన్నా, కానీ బ్రేక్ కొడితే మళ్లీ ముందుకు మునుగుతాంది” అన్నాడు. టై 125 దగ్గర ఉంది. అంటే గట్టి హంపు మీద ఫోర్క్ దాదాపు మొత్తం కదలికను వాడుకుంటోంది. అడుగు తగలలేదు గానీ, అయిదు మి.మీ. మిగులు నాకు తక్కువనిపించింది. వెనక ఒక మనిషి ఎక్కితే అదీ ఉండదు.

మునగడం అతని అసలు ఫిర్యాదు. మొదటి షాపు దీన్ని ఆయిల్‌తో తీర్చబోయింది. మేం ‘కూర్చున్న దిగుడు’, అంటే మనిషి కూర్చుంటే ఫోర్క్ దిగే దూరం, కొలిచాం. చక్రం గాల్లో ఉండగా పైపు ఎంత బయటికి ఉందో, మనిషి మామూలుగా కూర్చున్నప్పుడు ఎంత ఉందో, వాటి తేడా. 46 మి.మీ. వచ్చింది. మొత్తం కదలికలో 35 శాతం. ఇలాంటి బండికి మూడో వంతు లోపు ఉంటే నాకు నచ్చుతుంది. ఇతని బరువుకు స్ప్రింగు కొంచెం మెత్తన. ఆయిల్ ఎంత చిక్కగా పోసినా, కదలకుండా కూర్చున్న మనిషి కింద ఈ 46లో ఒక్క మి.మీ. కూడా తగ్గదు, కొంచెం నిదానంగా దిగుతుందంతే.

స్ప్రింగు పైన 8 మి.మీ. స్పేసర్ వేశాం. గట్టి గొట్టం ముక్క, రెండు చివరలా చదునుగా కోసి, వాషర్లతో. దిగుడు 38కి వచ్చింది. స్పేసర్ వేసే ముందు చూడాల్సింది ఒకటుంది. ఫోర్క్ పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. చుట్ల మధ్య ఖాళీలన్నీ కలిపి చూస్తే, కదలిక 130, ముందు నుంచీ ఉన్న నొక్కుడు, ఈ 8, అన్నీ పోగా ఇంకా మిగులుంది. అది లేకుండా ఇరవై ముప్ఫై మి.మీ. స్పేసర్లు వేసిన ఫోర్క్‌లు కూడా వస్తుంటాయి. అవి స్ప్రింగు ముద్దయ్యే దగ్గర ఆగిపోతాయి. ఇంకో సంగతి, స్పేసర్ వల్ల స్ప్రింగు గట్టిపడదు. ఫోర్క్ నిలబడే ఎత్తు మారుతుందంతే. బ్రేక్ మీద ముందుభాగం దిగే దూరం దాదాపు అంతే ఉంటుంది, కానీ ఎనిమిది మి.మీ. పై నుంచి మొదలవుతుంది.

చివరి భాగం కోసం ఆయిల్ మట్టాన్ని 150 నుంచి 140కి తెచ్చాం. ఒక్కో కాలికి అయిదు మి.లీ.కి కొంచెం పైన. లెక్క ప్రకారం చివరి మి.మీ. దగ్గర గాలి బలం 21 కిలోల నుంచి 25కు పెరుగుతుంది, మొదటి సగంలో తేడా ఉండదు. ఒకేసారి పది మి.మీ.కి మించి నేను మార్చను. పైకి వెళ్లేకొద్దీ ప్రతి మి.మీ. ముందుదాని కన్నా ఎక్కువ పని చేస్తుంది. 105 దగ్గర ఏమైందో చూశాం కదా. అదే హంపుల మీద టై 118 దగ్గర ఆగింది. బ్రేక్ మీద మునగడం తగ్గింది గానీ పోలేదు, పోతుందని నేను చెప్పనూ లేదు. అది పూర్తిగా కావాలంటే అతని బరువుకు తగిన గట్టి స్ప్రింగు కావాలి. ఈ బండికి అలాంటిది బయట దొరకడం కష్టం.

“15 డబ్ల్యూ వేద్దామా అన్నా, ఇంకొంచెం గట్టిగా ఉంటాది కదా” అని అడిగాడు. కావాలంటే ఒకే కంపెనీ 10, 15 రెండూ సగం సగం కలిపి మధ్యలో ఏదో తెచ్చుకోవచ్చు. వేరు వేరు కంపెనీలవి కలపకూడదు. కానీ నొక్కి వదిలే పరీక్షలో ఫోర్క్ లేచి, అతి కొద్దిగా పైకి పోయి, నిలిచింది. రెండోసారి ఊగలేదు. ఊగి ఉంటే, లేదా పూర్తిగా లేచిన చోట ‘టక్’మని తగిలి ఉంటే, ఆయిల్ పలచనైందని చిక్కదనం పెంచేవాణ్ని. ఇక్కడ ఆ అవసరం కనిపించలేదు. ఇతని దారిలో ఎక్కువున్నవి జాయింట్లు, అడ్డచారలు. వాటి మీద 15 ఇచ్చేది గట్టిదనమే. ఊరికి పోయే హైవే మీద వంపుల్లో కాస్త నిలకడ వస్తుందేమో గానీ, రోజూ ఆఫీసుకు పోయే దారిలో దానికి మూల్యం చెల్లించాలి. వద్దన్నాను.

ఈ అంకెలను వేరే బండికి ఎత్తి పొయ్యకండి. 150 మి.మీ. ఈ ఫోర్క్‌ది. పైపు వ్యాసం, స్ప్రింగు పొడవు మారితే మట్టం మారుతుంది. కొన్ని మాన్యువళ్లు మట్టం చెప్పవు, పరిమాణం మాత్రమే ఇస్తాయి. అలాంటప్పుడు విప్పి కడిగిన కాలిలో ఆ పరిమాణం పోసి, ఆడించి, వచ్చిన మట్టాన్ని రాసిపెట్టుకుంటే అదే మీ కొలత. డాంపింగ్ అంతా లోపల విడి గొట్టంలో జరిగే కార్ట్రిడ్జ్ ఫోర్క్‌లలో కవాటాలు సన్నని రేకుల మీద పనిచేస్తాయి, వాటికి పలచటి ఆయిల్ పెట్టి తయారుచేస్తారు. అక్కడ 10 డబ్ల్యూ కూడా ఎక్కువ కావచ్చు. ఒక కాలిలోనే స్ప్రింగు, రెండో కాలిలోనే డాంపింగ్ ఉండే ఫోర్క్‌లలో రెండు కాళ్ల మట్టాలు వేరుగా ఉంటాయి.

బిల్లు వెనక నాలుగు ముక్కలు రాసిచ్చాను: ఆయిల్ కంపెనీ పేరూ అంకే, మట్టం 140, స్పేసర్ 8, కూర్చున్న దిగుడు 38. కేబుల్ టై పైపు మీదే వదిలేశాను. అది 125 దాటి కనిపించడం మొదలైతే, ముందు సీళ్ల దగ్గర తడి చూసుకుని రమ్మన్నాను.